‘వె’ గుర్తు

ఆఫీసులో ఆమెను అందరూ లెక్కలమ్మ అంటారు. గణాంకాల విభాగంలో నీళ్ళ లెక్కలన్నీ ఆమె చేతి మీదుగానే పోవాలి. ఎక్కడ ఎంత వాన పడింది, ఏ వాగులో ఎంత పారింది, ఏ బావిలో నీళ్ళు ఎంత లోతుకు దిగాయి, అన్నీ. పదహారేళ్ళ సర్వీసులో ఆమె కూడిన కూడిక ఒక్కటీ తప్పలేదు. ఆ సంగతి ఎవరూ పైకి అనరు గానీ, ఆమెకు మాత్రం లోలోపల కాస్త గర్వం ఉంది. ఉండనిద్దురూ, పదహారేళ్ళు కూడికలు చేసిన మనిషికి ఆ మాత్రం గర్వం కూడా వద్దంటే ఎలా!

ఆ రోజు పొద్దున ఎనిమిదీ నలభైకల్లా ఆమె సీట్లో కూర్చుంది. వాన కొలిచే గేజీలు జిల్లా మొత్తానికి ఇరవై నాలుగు. ఎనిమిదిన్నరకు అన్నిచోట్లా కొలుస్తారు, పది నిమిషాల్లో ఫోన్లో అంకెలు వచ్చి పడతాయి. ఎండాకాలం చివరి రోజులు కాబట్టి చాలాచోట్ల సున్నా. కొన్నిచోట్ల రెండు, మూడు మిల్లీమీటర్లు. ఒక్క పడమటి కొండ గేజీ దగ్గర మాత్రం నూట అరవై ఎనిమిది! తెల్లవారుజామున కొండ మీద కుండపోతగా కురిసిందట.

“అమ్మో, నూట అరవై ఎనిమిదా?” అన్నాడు భుజం మీదుగా తొంగిచూసిన పెద్దసారు. ఆయన ఆ విభాగానికి అధికారి. రిటైరయ్యేలోపు తన మీదకు ఏ మాటా రాకుండా ఉంటే చాలనుకునే రకం.

“ఆ నీళ్ళు మనవైపు రావు సార్. కొండ మన జిల్లాలో ఉందన్న మాటే గానీ, వాలు పక్క జిల్లాలోకి. ఏ చుక్క పడ్డా అటే పోతుంది.”

“హమ్మయ్య” అన్నాడాయన. టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

ఆమె కూడా హమ్మయ్య అనుకుంది. ఇరవై నాలుగు గేజీల మొత్తం రెండు వందల పదహారు, సగటు తొమ్మిది. జిల్లా వరసలో ‘సాధారణం’ అని రాసింది. తర్వాత వాగుల వరసలకు వచ్చి, పడమటి కొండ అంకె పక్కన అలవాటుగా ‘వె’ అని రాసి సున్నా చుట్టింది.

ఈ ‘వె’ గురించి కాస్త చెప్పుకోవాలి. తొమ్మిదేళ్ళ కిందట పెద్ద జిల్లాను రెండుగా విడదీశారు. అన్నదమ్ములు ఇల్లు పంచుకుని నడుమ గోడ కట్టుకుంటారు చూడండి, అలాగ. గోడ ఎక్కడైనా కట్టుకోవచ్చు. కప్పు మాత్రం పాతదే కదా, అన్న వాటాలో కప్పు మీద పడ్డ వాన తమ్ముడి వాకిట్లో కారుతుంది. ఈ జిల్లాల సంగతీ అంతే. పటం మీద గీసిన గీత, కొండల మీద నీళ్ళు విడిపోయే గట్టును అడ్డదిడ్డంగా కోసుకుంటూ పోయింది. వాళ్ళ కొండల మీద కొంత మేర నీళ్ళు ఇటు పారతాయి. మన కొండల మీద కొంత మేర నీళ్ళు అటు పారతాయి. ఇక లెక్కలు ఎలా కుదురుతాయి? మొదటి రెండేళ్ళూ ఒకే గేజీని ఇద్దరూ లెక్కేసుకున్నారు. ఒకే వాగు నీళ్ళు రెండు పట్టికల్లోనూ ఎక్కాయి. రెండు జిల్లాలవీ కలిపితే ఉన్న నీళ్ళకంటే ఎక్కువ తేలాయి. పైనుంచి చీవాట్లు.

అప్పుడు మందు కనిపెట్టింది మన లెక్కలమ్మే. ఎవరి హద్దులో ఉన్న గేజీ వాళ్ళే లెక్కేసుకోవాలి. గేజీ అవతల ఉండి నీళ్ళు ఇటొచ్చినా, గేజీ ఇక్కడ ఉండి నీళ్ళు అటు పోయినా, వాగు వరసలో ఆ గేజీకి ‘వె’ పెట్టాలి. వె అంటే వెలుపల. అంతే, కూడికలు చక్కగా కుదిరిపోయాయి. పక్క జిల్లావాళ్ళూ అదే పద్ధతి పట్టుకున్నారు. ఆమెకు మెచ్చుకోలు కాగితం కూడా ఇచ్చారు. అది ఇప్పటికీ ఇంట్లో గోడకు వేలాడుతోంది.

ఆ పొద్దున పెద్దవాగు వరసలో అవతలి ‘వె’లు పోగా మిగిలినవి ఐదు గేజీలు. సున్నా, రెండు, సున్నా, మూడు, సున్నా. సగటు ఒకటి. ‘సాధారణం’ అని రాసి సంతకం పెట్టి, మున్సిపల్ ఇంజనీరు అడిగాడని ఒక కాపీ అక్కడికి పంపింది. టౌనుకు మంచినీళ్ళు తోడే బావి ఆ పెద్దవాగు ఇసుకలోనే, సరిగ్గా నడిమధ్యలో ఉంది. వేసవిలో వాగు ఎండిపోయాక ఆ బావిలో పూడిక తీస్తారు. పైన వాన లేదని లెక్కలమ్మ కాగితం వస్తే తప్ప మనుషుల్ని దిగనివ్వరు. ఈ రోజు దిగేవాళ్ళు ఆరుగురు. వాళ్ళ మేస్త్రీ ఆమె సొంత తమ్ముడే, పంపు ఆపరేటరు కూడా వాడే.

“నీ సంతకం ఉంటే మాకు ధైర్యం అక్కా” అంటూ ఉంటాడు వాడు.

పదకొండు గంటలకు ఫోను మోగింది. ముందు రెండు దగ్గులు, ఆ తర్వాత మాట. పక్క జిల్లా లెక్కల గుమాస్తా! తొమ్మిదేళ్ళుగా రోజు మార్చి రోజు మాట్లాడుకుంటున్నారు గానీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది లేదు. ఆమె ఆయన్ను బాబాయిగారూ అంటుంది. ఆఫీసులో మిగతావాళ్ళకు ఆయన దగ్గుబాబాయి.

“అమ్మాయ్, నిరుటి పెద్దవాగు లెక్క ఇంకా కుదరట్లేదు. మీ అంకె ఒకటి, మా అంకె ఒకటి. ఈ నెలాఖరుకి పంపకపోతే నా తాట తీస్తారు.”

“కుదిర్చేద్దాం లెండి బాబాయిగారూ. భోంచేశారా?”

“ఇవాళ భోజనం ఎక్కడ! వారపు సంత కదా, మీ పిన్ని పొద్దున్నే వెళ్ళింది. మధ్యాహ్నం నేనూ వెళ్ళి సంచులు మొయ్యాలి. ఆఫీసులో ఇక్కడ, ఇంట్లో అక్కడ, రెండు చోట్లా నేనే గాడిదని.” మళ్ళీ దగ్గి, మామూలుగా అన్నాడు. “అన్నట్టు మా కొండల్లో తెల్లారుజామున దంచేసిందమ్మా. ఒక గేజీలో నూట తొంభై, ఇంకోదాంట్లో నూట డెబ్భై రెండు. పుట్టి బుద్ధెరిగాక ఇన్నేసి అంకెలు రాయలేదు.”

“ఏ గేజీలు బాబాయిగారూ?” అని అడిగింది ఆమె. చేతిలో కలం ఇంకా కదులుతూనే ఉంది.

“అవే, నువ్వు వె పెట్టే రెండూ. మీ పెద్దవాగులోకి పారేవి.”

కలం ఆగిపోయింది.

పెద్దవాగుకు నీళ్ళిచ్చే నేల నాలుగు వందల పది చదరపు కిలోమీటర్లు. అందులో ఈ జిల్లాలో ఉన్నది నూట ఇరవై. మిగతా రెండు వందల తొంభైకీ ఆ రెండు గేజీలే దిక్కు. ఐదు గేజీల సగటు ఒకటి అని రాసింది తను. ఏం రాసినట్టు? మూడోవంతు కూడా లేని నేలను చూసి, వాగు మొత్తానికీ పూచీ పడింది!

“ఎన్నింటికి మొదలైంది వాన?”

“నాలుగున్నరకి అన్నారు. ఏమ్మా, అలా అయిపోయావేం?”

కొండ మీద పడ్డ వాన టౌను దాటడానికి ఏడెనిమిది గంటలు పడుతుందని పాత రిజిస్టర్లో రాసి ఉంది. ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టింది. పన్నెండున్నర. ఇంకాస్త ముందే రావచ్చు. ఇప్పుడు పదకొండు దాటి పది నిమిషాలు. “మా తమ్ముడు వాగులో ఉన్నాడు బాబాయిగారూ” అని ఫోను పెట్టేసింది.

తమ్ముడికి ఫోను కలిపింది. మోగుతోంది, మోగుతోంది, ఎత్తేవాడే లేడు. బావిలోకి దిగేటప్పుడు ఫోన్లు పంపు గదిలో వదిలేస్తారు. ఇంజనీరుకు చేసింది.

“మీ కాగితంలో ఒక మిల్లీమీటరే అని ఉంది కదండీ?” అన్నాడాయన నింపాదిగా.

“ఆ కాగితం తప్పండీ! పైన నూట తొంభై పడింది. వెంటనే పైకి రమ్మనండి.”

“నోటిమాట మీద పని ఆపితే రేపు నన్నడుగుతారు మేడం. మీ సారు సంతకంతో కొత్త కాగితం పంపండి, ఆపేస్తాను.”

పెద్దసారు గదిలోకి పరుగెత్తింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “వేరే జిల్లా అంకెలు మన కాగితంలో ఎలా పెడతామమ్మా? వాళ్ళ దగ్గర్నుంచి లేఖ రావాలి కదా? ఆ పద్ధతి పెట్టిందే మీరు.”

ఆ చివరి మాట చెంప మీద కొట్టినట్టయింది. మరి అబద్ధమా? నెత్తీ నోరూ బాదుకున్నా ఆ కుర్చీలోంచి సంతకం రాలదని తెలిసిపోయింది. స్కూటరు తాళం తీసుకుని బయటపడింది.

ఎండ మాడు పగలగొడుతోంది. ఆకాశంలో మచ్చుకు ఒక్క మబ్బు లేదు. కూరగాయల బళ్ళు, సెలవుల్లో ఆడుకుంటున్న పిల్లలు, రోడ్డుకు అడ్డంగా నిలబెట్టిన లారీ, అందరూ ఆ రోజే ఆమె మీద పగబట్టినట్టు దారికి అడ్డం. హారన్ మీద బొటనవేలు తీయకుండా పోయింది. పన్నెండుకు పది నిమిషాలుందనగా వాగు గట్టు మీదికి చేరింది.

వాగు ఎప్పటిలాగే తెల్లగా ఎండిపోయి ఉంది. ఇసుక నడుమ గుండ్రటి బావి గోడ, దాని పైన గిలక, తాళ్ళు, బురద బకెట్లు. పైన ముగ్గురు, లోపల ముగ్గురు. కాళ్ళకు ఇసుక అంటుకుంటుంటే పడుతూ లేస్తూ వెళ్ళింది.

“పైకి రండి! అందరూ పైకి రండి! నీళ్ళొస్తున్నాయి!”

తాడు పట్టుకున్న ముసలాయన కిసుక్కున నవ్వాడు. “ఈ ఎండలో నీళ్ళేంటమ్మా? ఎక్కడ్నుంచి? చెమట నుంచా?”

మిగతా ఇద్దరూ కూడా నవ్వారు. ఆమె బావి అంచు పట్టుకుని వంగింది. ముప్ఫై అడుగుల కింద లైటు వెలుగులో తమ్ముడి తల కనిపించింది.

“ఒరేయ్! పైకి రా!”

“ఏంటక్కా, నువ్వేంటి ఇక్కడ? ఒక్క అరగంట. మోటారు కట్లు విప్పేశాం, పైకి లాగితే అయిపోతుంది.”

“పక్క జిల్లా కొండల్లో నూట తొంభై పడిందిరా! నా కాగితం తప్పు!”

“నీ కాగితం తప్పా?” వాడు పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు బావి గోడలకు తగిలి పైకొచ్చింది. “నీ కాగితం తప్పడం ఎప్పుడైనా ఉందా అక్కా? ఎవరో నీతో ఆడుకున్నారు.”

ఎంత నమ్మకం! ఆ నమ్మకమే వాణ్ణి చంపేసేలా ఉంది. నూట తొంభై అని ఇంకెన్నిసార్లు చెప్పినా వాడు కదలడు. పదహారేళ్ళు తప్పని మనిషి ఇప్పుడు తప్పానంటే ఎవరు నమ్ముతారు? ఎగువకేసి చూసింది. ఇంకా ఏమీ లేదు. దూరంగా ఇసుక మీద కొంగలు నాలుగైదు, ఉన్నట్టుండి ఒక్కసారిగా లేచాయి.

“ఒరేయ్, అమ్మ పడిపోయిందిరా!” అని అరిచింది. “బాత్రూంలో జారి పడింది. తలకు దెబ్బ తగిలింది. నిన్నే పిలుస్తోంది!”

నవ్వు ఆగిపోయింది. నిచ్చెన కిరకిరలాడింది. మిగతా ఇద్దరూ కూడా “పద పద” అంటూ వాడి వెనకే ఎక్కారు. ఆమె వాడి చెయ్యి దొరకబుచ్చుకుని గట్టు వైపు ఈడ్చుకుపోయింది. “మీరూ రండయ్యా, సాయం కావాలి, అందరూ రండి!” అంటే పైనున్నవాళ్ళూ తాళ్ళు వదిలేసి వచ్చారు. మోటారు లోపలే ఉండిపోయింది.

సగం ఇసుక దాటారో లేదో, బురద వాసన వచ్చింది. ఆ తర్వాత చప్పుడు. ముందు ఒక నురుగు నాలుక, పుల్లలూ ఆకులూ మోసుకుంటూ, మనిషి నడకంత నెమ్మదిగా వచ్చింది. దాన్ని చూసి ముసలాయన “ఓర్నాయనో!” అని పరుగందుకున్నాడు. గట్టు ఎక్కుతుంటే మోకాళ్ళ దాకా వచ్చింది. ఆఖరివాణ్ణి చొక్కా పట్టి లాగేసరికి వెనక వాగు మొత్తం నీళ్ళయిపోయింది. ఎర్రటి నీళ్ళు, వాటిలో ఒక చెట్టు, వేళ్ళతో సహా. బావి గిలక ఒక్కసారి ఊగి కనబడకుండా పోయింది.

ఆరుగురూ గట్టు మీద కూలబడ్డారు. ఆమె లెక్కపెట్టింది. ఆరు. మళ్ళీ లెక్కపెట్టింది. ఆరే.

“అమ్మకెలా ఉంది?” అన్నాడు తమ్ముడు.

“అమ్మకేమీ కాలేదురా. ఇంట్లో టీవీ చూస్తూ ఉంటుంది.”

వాడు ఆమె వంక చూశాడు, నీళ్ళ వంక చూశాడు. చిన్నప్పుడు జ్వరం వస్తే చేసినట్టు ఆమె కొంగు గుప్పెట్లో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. అప్పుడు ఏడుపొచ్చింది ఆమెకు. సిగ్గూ ఎగ్గూ లేకుండా బావురుమంది.

ఒంటిగంటకు ఫోను మోగింది. రెండు దగ్గులు.

“అమ్మాయ్! తమ్ముడు?”

“బయటపడ్డాడు బాబాయిగారూ. అందరూ బయటపడ్డారు. మీరు ఆ మాట అనబట్టి...”

“అబ్బ! చల్లని మాట చెప్పావు. పొద్దుట్నుంచీ నా ప్రాణం గిజగిజలాడిపోతోందనుకో. ఇదిగో, మీ పిన్నికి కూడా చెప్తానుండు. ఎటు పోయిందో ఈవిడ, ఈ జనంలో...”

ఆయన వెనక జనం గోల. ఎవరో ధర కోసం గొంతు చించుకుంటున్నారు. మేక ఒకటి అరుస్తోంది. పిల్లాడి బూర.

“ఎక్కడున్నారు బాబాయిగారూ?”

“చెప్పాగా, సంతలో. వేసవిలో మాకు సంత వాగు ఇసుకలోనే పెడతారు. విశాలంగా ఉంటుంది, అటు మీ ఊళ్ళవాళ్ళూ వస్తారు.”

“ఏ వాగు?”

“మా చిన్నవాగమ్మా. మీ పడమటి కొండ నుంచి దిగుతుంది చూడు, అది.”

పడమటి కొండ. నూట అరవై ఎనిమిది. ఎనిమిదీ నలభైకి తన చేత్తోనే రాసింది. ‘ఆ నీళ్ళు మనవైపు రావు’ అంది. హమ్మయ్య అనుకుంది. పదకొండింటికి ఆయన తన రెండు అంకెలూ చెప్పాడే! తన దగ్గరున్న ఆ ఒక్క అంకె మాత్రం ఆమె నోట రాలేదు. తమ్ముడు తప్ప ఇంకేమీ గుర్తుకు రాలేదు. ఆ వాగు మరికాస్త పొడుగు, మరికాస్త ఆలస్యంగా చేరుతుంది. ఎంత ఆలస్యంగా?

“బాబాయిగారూ, మా పడమటి కొండ మీద నూట అరవై ఎనిమిది పడింది. తెల్లవారుజామునే.”

ఆయనకు వివరించాల్సిన పని లేదు కదా! ఆయన పట్టికలోనూ ఆ గేజీ పక్కన సున్నా చుట్టిన వె ఉంటుంది.

“ఎప్పుడు రాశావమ్మా అది?” అన్నాడు చాలా మెల్లిగా.

జవాబు కోసం ఆగలేదు. ఆ తర్వాత ఆయన దగ్గలేదు. “పరిగెత్తండి! వరదొస్తోంది, గట్టెక్కండి!” అని కేకలు పెట్టాడు. ఎవరో నవ్వారు. అది స్పష్టంగా వినబడింది. ఆయన భార్యను పిలుస్తున్నాడు, ఏమేవ్ ఏమేవ్ అంటూ. ఆ పిలుపు దూరమైపోయింది. ఫోను ఎక్కడో పడినట్టుంది, కట్ కాలేదు. ఆమె చెవికి నొక్కిపెట్టి వింటూనే ఉంది. మేక అరుపు, గిన్నెల చప్పుడు, పరుగులు, ఒక ఆడమనిషి ఎవర్నో పిలవడం. ఆ పైన తనెదురుగా ఉన్న వాగులో వినబడుతున్న చప్పుడే, ఫోనులోంచి కూడా వినబడింది. తర్వాత ఏమీ లేదు.

రాత్రి ఏడున్నరకు కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. ఎత్తగానే రెండు దగ్గులు.

“మీ పిన్ని దొరికింది” అన్నాడాయన. “చెట్టు పట్టుకుని ఉంది. చాలామంది గట్టెక్కారు. ముగ్గురు మాత్రం కనబడట్లేదమ్మా.” ఎందుకు చెప్పలేదని అడిగితే బాగుండు, తిడితే బాగుండు అనుకుంది ఆమె. ఆయన తిట్టలేదు.

మర్నాడు పొద్దున ఎనిమిదీ నలభైకి మళ్ళీ అదే సీటు. అంకెలు వచ్చాయి. అన్నీ సున్నాలే. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. పట్టిక అడుగున ప్రమాదాల గడి ఒకటి ఉంటుంది. నీళ్ళ వల్ల గల్లంతైన వాళ్ళు ఎందరు అని. ఏళ్ళ తరబడి దాంట్లో అడ్డగీతే గీస్తూ వచ్చింది.

పెద్దసారు టీ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు. రాత్రంతా నిద్ర లేనట్టుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. “ఆ సంత ముగ్గురూ దొరకలేదటమ్మా. మన ఊళ్ళవాళ్ళో, వాళ్ళ ఊళ్ళవాళ్ళో కూడా తేలలేదు. పోయింది మాత్రం హద్దుకు అవతల. మన గడిలో సున్నా వేసి, పక్కన వె పెట్టెయ్యండి.”

ఆమె గడిలో మూడు అని రాసింది.

“అదేంటి? వాళ్ళు మన లెక్కలోకి రారు కదా?”

“నీళ్ళు మనవే సార్” అంది లెక్కలమ్మ.